‘న’ దగ్గర తెగిన ఆవకాయ

మా వదిన తెనాలిలో పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. మొదట్లో వీధి వరకే ఉండేది ఆ వ్యాపారం. తర్వాత హైదరాబాద్ బంధువులు, వాళ్ల ద్వారా అమెరికాలో ఉన్న పిల్లలు అడగడం మొదలుపెట్టాక ఒక వెబ్‌సైటు పెట్టుకున్నారు. అందులో ధరలతో పాటు పచ్చళ్ల గురించి వ్యాసాలు కూడా రాస్తారు. మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే వాట్సాప్‌లో ఒక లింకు పంపారు. కొత్త వ్యాసమట. పేరు ‘ఆవకాయ పచ్చడి ఏడాది పాటు నిల్వ ఉండాలంటే ఏం చేయాలి?’ ఈసారి జాడీల లేబుళ్ల మీద ఈ వ్యాసానికి క్యూఆర్ కోడ్ వేయిద్దామని ఆవిడ ఆలోచన. ప్రెస్సు అబ్బాయి మాత్రం కోడ్ మరీ సన్నగా వస్తోంది, ఇంత చిన్న లేబుల్ మీద ఫోన్లు పట్టుకోవు అంటున్నాడట.

లింకు చూడగానే సంగతి అర్థమైంది. ఫోన్ తెర మీద నాలుగైదు వరుసలు, అన్నీ శాతం గుర్తులే. ఇలా మొదలవుతుంది (సైటు పేరు బదులు నమూనా పేరు వేస్తున్నాను):

```
https://example.com/%e0%b0%86%e0%b0%b5%e0%b0%95%e0%b0%be%e0%b0%af-
```

ఇంత పొడుగు రాస్తే వచ్చింది ‘ఆవకాయ’ అన్న ఒక్క మాట, దాని పక్కన ఒక అడ్డగీత. మిగతా పేరంతా ఇదే వరసలో సాగుతుంది. నొక్కి తెరిస్తే బ్రౌజర్ దాన్ని తెలుగులోకి మార్చి చూపించింది: ఆవకాయ-పచ్చడి-ఏడాది-పాటు-న. అంతే. ‘న’ దగ్గర ఆగిపోయింది.

‘వదినా, చివర ఆ న ఏంటి?’ అని ఫోన్ చేసి అడిగాను.

‘నేనేం పెట్టలేదయ్యా, అదే పెట్టుకుంది’ అన్నారు.

నిజమే, అదే పెట్టుకుంది. వ్యాసం పేరు టైపు చేయగానే దాన్నుంచి వెబ్ చిరునామా చివరి ముక్కను సాఫ్ట్‌వేర్ తనంతట తానే తయారుచేస్తుంది. ఆ ముక్కనే స్లగ్ అంటారు. సైటు పేరు ఇల్లయితే స్లగ్ అందులో గది పేరు. మాట పాత అచ్చాఫీసుల నుంచి వచ్చింది. లైనోటైపు యంత్రం ఒక పంక్తి మొత్తాన్ని ఒకే సీసపు కడ్డీగా పోతపోసేది, ఆ కడ్డీ పేరు స్లగ్. తర్వాత పత్రికల డెస్కుల్లో ఒక్కో వార్తను గుర్తుపట్టడానికి పెట్టుకునే పొట్టి పేరుకి ఆ మాట అతుక్కుంది. ‘వరద-విజయవాడ’ అని రెండు మాటలు రాసుకుంటే చాలు, ఏ వార్తో అందరికీ తెలుస్తుంది. వెబ్‌లోనూ దాని పని అదే. పాఠకుడిని ఆకట్టుకోవడానికి శీర్షిక ఉంది. స్లగ్ గుర్తుపట్టడానికి మాత్రమే.

మరి ‘న’ దగ్గరే ఎందుకు తెగింది? ఇక్కడ కొంచెం లెక్క చేయాలి. వెబ్ చిరునామాలో నేరుగా రాయడానికి వీలున్నవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత లాంటి కొద్దిపాటి గుర్తులే. తెలుగు అక్షరాన్ని పంపాలంటే దాన్ని కంప్యూటర్ దాచుకునే మూడు బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటును శాతం గుర్తుతో మూడేసి అక్షరాలుగా రాయాలి. అంటే ఒక్క తెలుగు గుర్తుకి తొమ్మిది అక్షరాలు. ఇక్కడ గుర్తు అంటే మనం పలికే అక్షరం కూడా కాదు. ‘డి’ మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కి డ ఒకటి, గుడి ఒకటి, మొత్తం రెండు. ‘చ్చ’ అయితే చ, పొల్లు, మళ్లీ చ, మొత్తం మూడు.

వదిన సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి తన డేటాబేస్‌లో 200 అక్షరాల గడి ఇస్తుంది. ఇంగ్లీషులో 200 అంటే చాలా ఎక్కువ, అంత పొడుగు స్లగ్ ఎవరూ పెట్టరు. తెలుగులో తొమ్మిదేసి చొప్పున ఖర్చవుతూ పోతే ఇరవై రెండు గుర్తులకే గడి నిండిపోతుంది. ఇప్పుడు ఆవకాయ లెక్క చూడండి. ‘ఆవకాయ’కి 5 గుర్తులు, ‘పచ్చడి’కి 6, ‘ఏడాది’కి 5, ‘పాటు’కి 4. మొత్తం 20 గుర్తులు, 180 అక్షరాలు. మాటల వెనక నాలుగు అడ్డగీతలు కలిపితే 184. తర్వాత ‘నిల్వ’లో న పడితే 193. దాని గుడి వేయబోతే 202, గడి దాటిపోతుంది. అందుకని గుడిని, దాని వెనక ఉన్న ‘ల్వ ఉండాలంటే ఏం చేయాలి’ని మొత్తంగా వదిలేసింది. నిల్వ గురించి రాసిన వ్యాసం చిరునామాలో నిల్వ అన్న మాటే మిగల్లేదు.

తెలుగు స్లగ్ పెట్టడం తప్పని మాత్రం నేను అనను. గూగుల్‌కి అది చక్కగా అర్థమవుతుంది, పాఠకుల భాషలో మాటలు వాడుకోవచ్చనే చెబుతుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసాల చిరునామాలు దాదాపు అన్నీ తెలుగులోనే ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి. బ్రౌజర్ పైపట్టీలో చూసినంతసేపూ అందంగానే ఉంటుంది. తంటా వచ్చేది ఆ చిరునామా బ్రౌజర్ దాటి బయటికి అడుగుపెట్టినప్పుడు. కాపీ చేస్తే శాతం గుర్తుల దండగా మారుతుంది. వాట్సాప్‌లో వచ్చిన అంత పొడుగు వింత లింకును చూసి పెద్దవాళ్లు ఇదేదో మోసం లింకు అనుకుని నొక్కరు. వాళ్లని తప్పుపట్టలేం. ఫోన్లో చదివి చెప్పలేం, కాగితం మీద చూసి టైపు చేయలేం. పైగా తెలుగు టైపింగులో ‘వాట్సాప్‌లో’ లాంటి మాటల మధ్య ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటి దూరుతుంది. అది ఉన్న మాట, లేని మాట కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి, చిరునామాగా మాత్రం రెండూ వేరు.

ఇక క్యూఆర్ కోడ్ సంగతి. ప్రెస్సు అబ్బాయి ఫిర్యాదుకి మూలం ఇదే. క్యూఆర్ కోడ్‌లో ఎన్ని అక్షరాలు దాచాలో దాన్నిబట్టి నల్లతెల్ల గడుల సంఖ్య పెరుగుతుంది. సైటు పేరుతో కలిపి వదిన చిరునామా 214 అక్షరాలు. మరకలు పడినా చదవగలిగేలా మధ్యరకం దిద్దుబాటు స్థాయి పెట్టుకుంటే అంత చిరునామాకి అడ్డం 61, నిలువు 61 గడుల కోడ్ కావాలి. రెండు సెంటీమీటర్ల చదరంలో అచ్చువేస్తే ఒక్కో గడి మిల్లీమీటరులో మూడో వంతు. నూనె వేళ్లు తగిలిన లేబుల్ మీద ఆ గడులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అదే చిరునామా `avakaya-nilva` అని ముగిస్తే మొత్తం 34 అక్షరాలు. 29 గడుల కోడ్ సరిపోతుంది, ఒక్కో గడి రెండింతలు పైగా పెద్దదవుతుంది.

అలా `avakaya-nilva` దగ్గరికి వచ్చాం. ఆ రెండు మాటలకి ఎలా వచ్చామో చెప్పాలి, ఎందుకంటే స్లగ్ ఎంచుకోవడం అంటే శీర్షికలోంచి మాటలు తీసేయడమే. వదిన శీర్షికలో ఎనిమిది మాటలున్నాయి. ఈ సైటులో ఆవకాయ మీద ఇప్పటికే రెండు వ్యాసాలున్నాయి, ఒకటి కారం-ఆవపిండి పాళ్ల గురించి, ఒకటి బెల్లం ఆవకాయ గురించి. వాటినుంచి దీన్ని విడదీసే మాట ఏది? నిల్వ. ఏది అన్నది ఆవకాయ, ఏ సంగతి అన్నది నిల్వ. ‘పచ్చడి’ అనవసరం, ఆవకాయ అంటే పచ్చడే. ‘ఏడాది పాటు’ రేపు ‘రెండేళ్ల పాటు’ అని శీర్షిక దిద్దుకుంటే అబద్ధమవుతుంది. ‘ఏం చేయాలి’ సంగతి కాదు, అడిగే తీరు.

మనకి అసలు చిక్కు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం. avakaya, aavakaya, avakai, ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. దీర్ఘాలు రెండేసి అక్షరాలతో రాసే పండితుల పద్ధతికి నియమం ఉంది, జనం వెతికేటప్పుడు అలా కొట్టరు. నా సలహా ఏమిటంటే జనం కొట్టేదే తీసుకోండి, ఒకసారి తీసుకున్నాక దాన్ని వదలకండి. ఒక వ్యాసంలో pachadi, ఇంకోదాంట్లో pachchadi, మూడోదాంట్లో pacchadi అని పెడితే ఆరు నెలల తర్వాత మీ వ్యాసం చిరునామా మీకే గుర్తుండదు. వదిన చేత వంటింటి లెక్కల పుస్తకం చివరి పేజీలో ఒక పట్టిక రాయించాను: avakaya, magaya, gongura, pachadi, nilva, karam. కొత్త మాట వచ్చినప్పుడల్లా అందులో చేరుస్తారు.

మిగతావి చిన్నవే. అన్నీ చిన్న బడి అక్షరాలు, ఎందుకంటే చాలా సర్వర్లకి `Avakaya` వేరు, `avakaya` వేరు. మాటల మధ్య కింది గీత కాకుండా అడ్డగీత పెట్టమని గూగుల్ కూడా చెబుతుంది. కింద గీత ఉన్న లింకులో కింది గీత కంటికి కనిపించదు కూడా.

ఇంతవరకూ సులువు, ఎందుకంటే ఈ వ్యాసం ఆ పొద్దుటే పెట్టింది, లింకు నాకు తప్ప ఎవరికీ పోలేదు. స్లగ్ మార్చేశాం, రెండు నిమిషాల పని. ఆ ఊపులో వదిన ‘అయితే అన్నీ మార్చేద్దాం’ అన్నారు. సైటులో 86 వ్యాసాలున్నాయి. వాటిలో తెగిపోయిన తెలుగు స్లగ్‌లున్నాయి, `gongura-pachadi-2` ఉంది, ఎక్కడో తప్పు టైపు చేసిన `magaya-pachdi` ఉంది.

‘వద్దు వదినా, వాటి జోలికి పోకండి’ అన్నాను.

‘తప్పు కనిపిస్తుంటే దిద్దకుండా ఎలా ఉంటాం?’ అని ఆవిడ.

నేను ఒకసారి దిద్ది అనుభవించాను. చాలా ఏళ్ల కిందట నా వ్యాసాల సైటులో స్లగ్‌లన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని శుభ్రం చేశాను. పాత లింకులు నొక్కి చూస్తే కొత్త చోటికి వెళ్తున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఖర్చు తగ్గుతుందని వర్డ్‌ప్రెస్ వదిలేసి, మామూలు పేజీలుగా ఉండే ఏర్పాటుకి మారాను. వ్యాసాలన్నీ జాగ్రత్తగా తెచ్చుకున్నాను. పాత పేర్లు నుంచి కొత్త పేర్లకి దారి చూపిన జాబితా మాత్రం పాత డేటాబేస్‌లో ఉండిపోయింది. అలాంటిది ఒకటుందనే నాకు తెలీదు. ఎవరో ఒకాయన తన పుస్తకంలో నా వ్యాసాన్ని అధోజ్ఞాపికలో ఇచ్చారు. అచ్చయిన పుస్తకంలో లింకు చచ్చిపోయిందని పాఠకుడు రాస్తే గానీ నాకు తెలియలేదు. సర్వర్ లాగ్ తీసి చూస్తే 404లు బారులు తీరి ఉన్నాయి.

404 అంటే ‘ఆ పేరుతో ఇక్కడ ఏదీ లేదు’ అని సర్వర్ ఇచ్చే జవాబు. 301 అంటే ‘ఇది శాశ్వతంగా ఫలానా చోటికి మారింది, అక్కడికి వెళ్లండి’ అని. తెలుగు వికీపీడియా వాళ్లు దీన్నే దారిమార్పు అంటారు, ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. వికీపీడియాలో వ్యాసం పేరు మారిస్తే పాత పేరు మీద దారిమార్పు మిగిలిపోతుంది, అందుకే అక్కడ పేర్లు ఎంత మారినా పాత లింకులు పనిచేస్తాయి. వర్డ్‌ప్రెస్ కూడా దాదాపు ఇదే చేస్తుంది. ప్రచురించిన వ్యాసం స్లగ్ మారిస్తే పాత స్లగ్‌ని `_wp_old_slug` అనే పేరుతో ఒక గడిలో దాచుకుంటుంది. ఎవరైనా పాత చిరునామాతో వస్తే ముందు ఆ పేరుతో వ్యాసం ఉందా అని చూస్తుంది. లేకపోతే ఆ గడి తిరగేసి 301తో కొత్త చోటికి పంపుతుంది.

ఈ సదుపాయానికి మూడు పరిమితులున్నాయి, మూడూ తెలియకుండానే మింగేవే. ఒకటి నాకు తగిలిందే, వర్డ్‌ప్రెస్ వదిలితే ఇదీ పోతుంది. రెండోది, ఇది ‘పోస్టు’లకే గానీ ‘పేజీ’లకు లేదు. ‘మా గురించి’, ‘ధరలు’ లాంటివి సాధారణంగా పేజీలే, వాటి స్లగ్ మారిస్తే పాత లింకుకి దిక్కు లేదు. మూడోది ఇంకా గమ్మత్తు. పాత స్లగ్ ఖాళీ అయింది కదా అని దాన్నే కొత్త వ్యాసానికి పెడితే, ఆ పేరుతో వ్యాసం ఉంది కాబట్టి గడి తిరగేసే అవసరమే రాదు. పాత లింకు నొక్కినవాళ్లు వేరే వ్యాసంలో తేలతారు. తప్పు సందేశం కూడా రాదు, అందుకని ఎవరూ మీకు చెప్పరు. ఒకసారి వాడిన స్లగ్‌ని మళ్లీ ఇంకో దానికి పెట్టకూడదు.

మార్చి ఏం సాధిస్తాం అన్నది కూడా చూడాలి. చిరునామాలో మాటలు ఉంటే వెతుకులాటలో పైకి వస్తామని చాలామంది నమ్మకం. చిరునామాలోని మాటలకి గూగుల్ ఇచ్చే విలువ చాలా స్వల్పం. `magaya-pachdi`లో ఒక అక్షరం చేర్చినంత మాత్రాన వ్యాసం పైకి ఎక్కదు, మారిన చిరునామాని గూగుల్ మళ్లీ చూసి కుదురుకునే వరకు కొన్నాళ్లు ఊగిసలాట తప్పదు. చదివేవాళ్లలో ఆ అక్షరలోపం గమనించేది వదిన ఒక్కరే. అటువైపు పోయేదేమిటో ఆవిడ చేతిలో లేదు. వాట్సాప్ గుంపుల్లో తిరుగుతున్న లింకులు, ఎవరో బుక్‌మార్క్ చేసుకున్నవి, ఇంకొకరు తమ సైటులో ఇచ్చినవి, వాటిని మనం దిద్దలేం. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్కతేల్చింది.

వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే చిరునామాలు మార్చకూడదంటూ ఒక వ్యాసం రాశారు. అందులో నాకు నచ్చింది ఆ ఉపదేశం కంటే, చిరునామాలో ఏం పెట్టకూడదో చెప్పిన తీరు. రాసినవారి పేరు, అది ముసాయిదానా ఖరారైందా అన్న స్థితి, ఫైలు రకాన్ని చెప్పే తోక, ఇవన్నీ కాలంతో మారేవే కాబట్టి వద్దంటారు. తేదీ మీద మాత్రం ఆయనకి అభ్యంతరం లేదు, రాసిన తేదీ ఎప్పటికీ మారదు కదా. ఇది చాలామంది పొరబడే చోటు. 2021లో రాసి అలాగే వదిలేసిన వ్యాసం చిరునామాలో 2021 ఉంటే అది నిజమే చెబుతుంది. ఏటా దిద్దే పేజీలో ఉంటేనే అబద్ధం.

వదిన సైటులో అలాంటిది ఒకటి దొరికింది. అమెరికాకి కొరియర్ చార్జీలు చెప్పే పోస్టు, స్లగ్ `courier-charges-2021`. లోపల రేట్లు ప్రతి ఏడూ మారుస్తున్నారు. లింకు పంపిన ప్రతిసారీ అవతలివాళ్లు ‘ఆంటీ, కొత్త రేట్లు చెప్పండి, ఇవి పాతవి’ అని అడుగుతున్నారట. ఇది మార్చదగ్గదే, చిరునామా పాఠకుడిని తప్పుదారి పట్టిస్తోంది, దాని వల్ల పని ఆగుతోంది. కానీ ఈ చిరునామా నిరుడు వేయించిన కరపత్రాల మీద అచ్చయి ఉంది, కాబట్టి పాతది చావకూడదు.

ఇలా చేశాం. ఎడిటర్‌లో కుడివైపు పలకలో స్లగ్‌ని `courier-charges` చేసి అప్‌డేట్ నొక్కాం. వర్డ్‌ప్రెస్ గడి ఒక్కదాన్నే నమ్ముకోకుండా సర్వర్‌లోని `.htaccess` ఫైలులో ఒక పంక్తి చేర్చాం:

```
Redirect 302 /courier-charges-2021/ /courier-charges/
```

మొదట 302, అంటే తాత్కాలికం. కారణం ఉంది. 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి. పొరపాటున తప్పు చోటికి 301 ఇచ్చి తర్వాత దిద్దుకున్నా, ఈలోగా వచ్చినవాళ్ల ఫోన్లు పాత జవాబునే పట్టుకుని ఉంటాయి. ఇంకా చిక్కు, మనసు మార్చుకుని కొత్తదాన్నుంచి పాతదానికి దారి తిప్పితే, బ్రౌజర్ ఆ గుర్తున్న జవాబుకీ ఈ కొత్త జవాబుకీ మధ్య గిరగిరా తిరిగి చేతులెత్తేస్తుంది. అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాక 302ని 301 చేశాం. చూసుకోవడం ఇలాగ:

```
curl -I https://example.com/courier-charges-2021/

HTTP/2 301
location: https://example.com/courier-charges/
```

పై పంక్తి మనం అడిగింది, కిందవి సర్వర్ జవాబు. చూడాల్సింది రెండు: 301 వచ్చిందా, `location` ఒక్క అడుగులో అసలు చోటికే పోయిందా. పాతది కొత్తదానికి, కొత్తది ఇంకా కొత్తదానికి అని గొలుసు కడితే ప్రతి అడుగుకీ ఆలస్యం, ఎక్కడో ఒక లంకె తెగితే మొత్తం తెగుతుంది. ఇంకోసారి పేరు మారిస్తే మొదటి పంక్తిని కూడా నేరుగా చివరి చోటికే దిద్దాలి. కొందరు పాత లింకులన్నిటినీ గంపగుత్తగా హోమ్ పేజీకి తిప్పేస్తారు. పాఠకుడు రేట్ల కోసం వచ్చి జాడీల ఫోటోల ముందు నిలబడతాడు, గూగుల్ కూడా దాన్ని లేని పేజీ కిందే జమకడుతుంది.

మీ పాత స్లగ్ తెలుగులో ఉంటే ఒక మెలిక. `.htaccess`లో `Redirect` వాడేటప్పుడు శాతం గుర్తుల రూపం రాస్తే పనిచేయదు. అపాచీ సర్వర్ వచ్చిన చిరునామాని ముందు మామూలు అక్షరాల్లోకి విప్పుకుని తర్వాత పోలుస్తుంది, అందుకని నేరుగా తెలుగు అక్షరాలతోనే రాసి ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచాలి. సగం రోజు దీని మీద తల బాదుకున్నవాడిగా చెబుతున్నాను.

తర్వాత మెనూలోనూ మిగతా వ్యాసాల్లోనూ పాత లింకు ఉన్న చోటల్లా కొత్తది వేశాం. మన ఇంట్లోంచి మన ఇంట్లోకే చుట్టుదారిలో పోవడం ఎందుకు. ఇలాంటి సందర్భాల్లో దారిమార్పును కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. ఒక పంక్తికి నెల అద్దె ఏమీ లేదు, తీయవద్దనే నేను చెబుతాను.

ఇంకొకటి మార్చాం, దానిది వేరే కథ. పక్కింటావిడకి షుగర్ ఉంటే ఆవిడ కోసం పెట్టిన తక్కువ ఉప్పు పచ్చడి గురించి వదిన ఎప్పుడో రాశారు. శీర్షికలో ఆవిడ ఇంటిపేరుతో సహా పేరు, జబ్బు పేరు. వాళ్ల పిల్లలు అభ్యంతరం చెబితే శీర్షిక మార్చారు, చిరునామాలో మాత్రం పేరు అలాగే ఉండిపోయింది. ఇక్కడ దారిమార్పు మేలు కాదు, హానే చేస్తుంది. పాత పేరుతో వస్తే కొత్త చోటికి పంపడమంటే ఆ పేరుకీ ఆ వ్యాసానికీ ఉన్న సంబంధాన్ని మనమే నిలబెట్టడం. కాబట్టి స్లగ్ మార్చాక వర్డ్‌ప్రెస్ దాచుకున్న పాత పేరును కూడా తుడిచేయాలి. డేటాబేస్‌లో వెతికి తీసేయవచ్చు, లేదా వర్డ్‌ప్రెస్ కమాండ్ ఉన్నచోట, వ్యాసం సంఖ్య 412 అయితే:

```
wp post meta delete 412 _wp_old_slug
```

తర్వాత పాత చిరునామాని `curl`తో అడిగితే 404 రావాలి. గూగుల్ ఫలితాల్లోంచి త్వరగా పోవడానికి సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు కోరవచ్చు. అది సుమారు ఆరు నెలలు దాచిపెడుతుంది, ఈలోగా 404 చూసి గూగుల్ తనంతట తానే వదిలేస్తుంది.

బ్లాగర్‌లో రాసుకునేవాళ్ల సంగతి కొంచెం వేరు. తెలుగు శీర్షిక ఇస్తే బ్లాగర్ చేతులెత్తేసి `blog-post.html` అని పెడుతుంది, తర్వాతవాటికి వెనక అంకెలు తగిలిస్తుంది. తెలుగులో రాసిన ఎన్నో మంచి వ్యాసాలు `blog-post_17.html` లాంటి పేర్ల వెనకే ఉన్నాయి. ప్రచురించే ముందు పర్మాలింక్ పెట్టెలో మీ పేరు మీరు ఇచ్చుకోవచ్చు. ప్రచురించాక మార్చాలంటే డ్రాఫ్ట్‌కి వెనక్కి తీయాలి, దారిమార్పు తనంతట తాను జరగదు, సెట్టింగుల్లోకి వెళ్లి మీరే చేర్చాలి. ఎన్నో ఏళ్లుగా ఉన్న `blog-post_17`ని మార్చమని నన్నడిగితే మాత్రం ఒప్పుకోను. అందంగా లేకపోవడం తప్ప దాని తప్పేం లేదు, అది అబద్ధమేమీ చెప్పడం లేదు.

వదిన సైటులో 86 వ్యాసాల్లో మార్చింది మూడే. `gongura-pachadi-2` అలాగే ఉంది. అదే శీర్షికతో రెండోసారి రాస్తే వర్డ్‌ప్రెస్ తగిలించిన 2 అది. ‘ఒకటి ఎక్కడ అని ఎవరైనా అడిగితే?’ అన్నారు వదిన. ‘ఒకటి కూడా ఉంది కదా, చూపించండి’ అన్నాను. తెగిపోయిన పాత తెలుగు స్లగ్‌లూ అలాగే ఉన్నాయి, లోపలి వ్యాసం సరిగ్గానే తెరుచుకుంటోంది.

లేబుళ్లు వచ్చాయి. కోడ్ గడులు బియ్యపు నూకంత ఉన్నాయి, నూనె చేత్తో ఒక జాడీని తుడిచీ తుడవకుండా పెట్టి చూసినా నా ఫోన్ పట్టుకుంది. మొన్న రాత్రి పదింటికి వదిన ఫోన్ చేశారు.

‘మాగాయ మీద రాశానయ్యా. ఇంకా పబ్లిష్ నొక్కలేదు. `magaya-tera` అని పెట్టాను. తెర అంటే సినిమా తెర అనుకుంటారంటావా?’

మాగాయలో తెరకట్టడం గురించి రాసిన వ్యాసమట. ‘`magaya-booju` అని పెట్టకండి చాలు’ అన్నాను.